హాట్‌స్పాట్ మీద ఆన్‌లైన్ క్లాస్: రోజువారీ డేటా ఎక్కడ ఖర్చవుతోంది?



సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడో, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పోయినప్పుడో మనందరం చేసే పని ఒకటే. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌ను దానికి కలిపి, పిల్లల్ని ఆన్‌లైన్ క్లాస్‌కు కూర్చోబెడతాం. మొదటి పీరియడ్ బాగానే జరుగుతుంది. రెండో పీరియడ్ సగంలో "మీ రోజువారీ డేటా 100 శాతం వాడేశారు" అని మెసేజ్ వస్తుంది. టీచర్ బొమ్మ స్క్రీన్ మీద బిగుసుకుపోతుంది. కొత్త పాఠం సరిగ్గా అక్కడే మొదలై ఉంటుంది.

అప్పుడు మన అనుమానం సాధారణంగా ఆ ఉదయం దారి కోసం పెట్టుకున్న మ్యాప్స్ మీదికో, పిల్లలు చూసిన నాలుగు చిన్న వీడియోల మీదికో పోతుంది. చాలాసార్లు డేటా ఖర్చయింది అక్కడ కాదు. ఎక్కడ ఖర్చయిందో తెలుసుకోవడానికి ఒక్క గుణకారం వస్తే చాలు. ముందు అది చూద్దాం.

450 లెక్క

ఇంటర్‌నెట్ వేగాన్ని ఎంబీపీఎస్‌లో చెబుతారు. అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు అని. మన ప్యాక్‌ను మాత్రం మెగాబైట్లు, గిగాబైట్లలో అమ్ముతారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. గంటకు 3,600 సెకన్లు. కాబట్టి ఒక ఎంబీపీఎస్ వేగంతో గంటసేపు ఏదైనా నడిస్తే 3,600 ను 8 తో భాగించాలి. వచ్చేది 450 ఎంబీ.

ఈ 450 ఒక్కటి గుర్తుంచుకోండి. రెండు ఎంబీపీఎస్ తీసుకునే వీడియో గంటకు 900 ఎంబీ లాగుతుంది. అర ఎంబీపీఎస్ అయితే 225 ఎంబీ. వేగాన్ని కేబీపీఎస్‌లో చూపిస్తే 0.45 తో గుణించండి. 100 కేబీపీఎస్ అంటే గంటకు 45 ఎంబీ. మీ పిల్లలు ఆరో తరగతి దాటి ఉంటే ఈ లెక్క వాళ్లకే అప్పగించవచ్చు. మనకంటే వేగంగా చేస్తారు.

ఇంకొక్క విషయం. మన ఫోన్‌లోకి వచ్చేదే కాకుండా, మన దగ్గర నుంచి బయటకు వెళ్లేది కూడా ప్యాక్‌లోంచే పోతుంది. సినిమా చూసేటప్పుడు డేటా దాదాపుగా లోపలికే వస్తుంది కాబట్టి మనం దీన్ని పట్టించుకోం. వీడియో మీటింగ్‌లో మాత్రం మన కెమెరా తీసిన బొమ్మ కూడా నిరంతరం బయటకు వెళుతూ ఉంటుంది. మీటింగ్ లెక్కలు తప్పేది ఇక్కడే.

ఒక ఉదయం, రెండు పీరియడ్లు

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. నాన్నగారి ఫోన్‌లో రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉంది. లెక్క సులువు కోసం 1,500 ఎంబీ అనుకుందాం. పదో తరగతి చదివే అమ్మాయికి జూమ్‌లో రెండు రివిజన్ క్లాసులు ఉన్నాయి. ఒకటి పది గంటలకు, ఇంకొకటి పదకొండు గంటలకు. ఒక్కొక్కటి 45 నిమిషాలు. ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ మీద ఉంది. కెమెరా ఆన్‌లో ఉంది. తోటి పిల్లలంతా కనిపించాలని అమ్మాయి "Gallery" వ్యూ పెట్టుకుంది.

జూమ్ సంస్థ తానే ప్రకటించిన వేగాల ప్రకారం, గ్రూప్ మీటింగ్‌లో మంచి నాణ్యతతో మన వీడియో బయటకు వెళ్లడానికి సుమారు 1 ఎంబీపీఎస్ కావాలి. ఒకే స్క్రీన్‌పై 25 మంది కనిపించే గ్యాలరీని అందుకోవడానికి సుమారు 2 ఎంబీపీఎస్ కావాలి. రెండూ కలిపి 3. అంటే గంటకు 1,350 ఎంబీ. ప్యాక్‌లో ఉన్న 1,500 ఎంబీ దాదాపు 67 నిమిషాలకు అయిపోతుంది. మొదటి క్లాస్ 45 నిమిషాలు పోగా మిగిలింది 22 నిమిషాలు. పదకొండూ ఇరవై రెండుకు అమ్మాయి క్లాస్ ఆగిపోతుంది. ఇంట్లో ఇంకెవరూ ఆ ఉదయం డేటా ముట్టుకోలేదని అనుకున్నా పరిస్థితి ఇదే.

ఇప్పుడు అదే క్లాస్‌కు రెండు మార్పులు చేద్దాం. "View" నొక్కి "Gallery" బదులు "Speaker" ఎంచుకుంటే, మాట్లాడుతున్న టీచర్ ఒక్కరే పెద్దగా కనిపిస్తారు. అప్పుడు వచ్చే వీడియోకు సుమారు 0.6 ఎంబీపీఎస్ సరిపోతుంది. కెమెరా ఆపేస్తే బయటకు వెళ్లేది గొంతు మాత్రమే. దానికి 60 నుంచి 80 కేబీపీఎస్ చాలు. మొత్తం సుమారు 0.7 ఎంబీపీఎస్. గంటకు 315 ఎంబీ. రెండు క్లాసులకూ కలిపి 475 ఎంబీ లోపే. ప్యాక్‌లో ఇంకా వెయ్యి ఎంబీ మిగిలి ఉంటుంది.

టీచర్ తన వీడియో కాకుండా పాఠం స్లైడ్లు స్క్రీన్ షేర్ చేస్తూ చెబుతుంటే ఖర్చు ఇంకా పడిపోతుంది. స్లైడ్ మారనంత సేపు కొత్తగా పంపాల్సింది పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి, పక్కన చిన్న వీడియో ఉన్నా స్క్రీన్ షేర్‌కు 50 నుంచి 150 కేబీపీఎస్ చాలు. గొంతుతో కలిపి గంటకు వంద ఎంబీ చుట్టుపక్కల. అయితే టీచర్ ఆ షేర్ చేసిన స్క్రీన్ మీదే ఒక ప్రయోగం వీడియో ప్లే చేశారంటే ఈ లెక్క వర్తించదు. కదిలే బొమ్మ వచ్చింది కాబట్టి డేటా కూడా వీడియో స్థాయికి పెరుగుతుంది.

కెమెరా విషయంలో తల్లిదండ్రులకు సహజంగానే ఒక ఇబ్బంది ఉంది. పిల్లలు వింటున్నారో లేదో తెలియాలంటే కెమెరా ఉండాలని చాలామంది టీచర్లు కోరుకుంటారు. అది న్యాయమే. పై లెక్క ప్రకారం కెమెరా ఒక్కదాని ఖర్చు గంటకు 450 ఎంబీ వరకు ఉండొచ్చు. అందుకే హాట్‌స్పాట్ మీద ఉన్న రోజున క్లాస్ టీచర్‌కు ముందే ఒక మాట చెప్పండి. హాజరు తీసుకునేటప్పుడు, ప్రశ్న అడిగినప్పుడు కెమెరా వేసి, మిగతా సమయం ఆపుకోవచ్చా అని అడగండి. కెమెరా ఉండి తీరాలంటే జూమ్ "Settings" లో "Video" కి వెళ్లి "HD" ఎదురుగా ఉన్న టిక్కు తీసేయండి.

ఇక్కడ పిల్లలు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. "Hide Self View" నొక్కి కెమెరా ఆగిపోయిందనుకుంటారు. అది మన స్క్రీన్ మీద మన బొమ్మను దాచుతుంది, అంతే. మిగతా వాళ్లకు వీడియో వెళుతూనే ఉంటుంది, డేటా కరుగుతూనే ఉంటుంది. ఆపాలంటే "Stop Video" నొక్కాల్సిందే.

ఇవన్నీ అంచనాలు. మీ ఇంట్లో నిజంగా ఎంత పోతోందో ల్యాప్‌టాప్‌లోనే చూడొచ్చు. మీటింగ్ జరుగుతుండగా జూమ్ "Settings" లో "Statistics" తెరిస్తే, ఆ క్షణాన ఎంత పంపుతున్నామో, ఎంత అందుకుంటున్నామో కనిపిస్తుంది. ఉదాహరణకు పంపేది 900, అందేది 1,500 కేబీపీఎస్ అని ఉంటే మొత్తం 2,400. దాన్ని 0.45 తో గుణిస్తే గంటకు 1,080 ఎంబీ. అలాగే తెరిచి ఉంచి, "Gallery" నుంచి "Speaker" కి మార్చి, మళ్లీ అంకెలు చూడండి. ఏ మార్పుతో మీకు ఎంత మిగులుతుందో కళ్లముందే తెలుస్తుంది. క్లాస్ ఫోన్‌లోనే చూస్తుంటే ఖర్చు మామూలుగా తక్కువే ఉంటుంది. ఫోన్ తెర మీద ఒకేసారి కనిపించే ముఖాలు కొన్నే కాబట్టి.

డేటా అయిపోయాక కనీసం గొంతైనా వినిపించదా?

చాలా ప్యాక్‌లలో రోజువారీ డేటా అయిపోయాక ఇంటర్‌నెట్ పూర్తిగా ఆగదు. వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. "అన్‌లిమిటెడ్" అనే మాట కింద చిన్న అక్షరాల్లో రాసేది ఇదే. ఈ వేగంతో వాట్సాప్‌లో అక్షరాల మెసేజ్‌లు వెళతాయి. మీటింగ్‌లో గొంతుకే 60 నుంచి 80 కేబీపీఎస్ కావాలని చూశాం. అంటే వీడియో మొత్తం ఆపేసినా మాట తెగుతూ తెగుతూ వస్తుంది. ఆ దశలో సెట్టింగ్స్ మార్చి ప్రయోజనం లేదు. రెండో ఫోన్ హాట్‌స్పాట్‌కు మారడమో, అదనపు డేటా ప్యాక్ వేసుకోవడమో చేయాలి. ఆ రీఛార్జ్ కూడా క్లాస్‌కు ముందే చేసుకోవడం మంచిది. ఆ వేగంలో చెల్లింపు పేజీ తెరుచుకోవడమే గగనం.

మీ ప్యాక్‌లో 5జీ అన్‌లిమిటెడ్ ఉందా? అయినా ఫోన్ పైన మూల ఒకసారి చూసుకోండి. ఆ అన్‌లిమిటెడ్ మీరు 5జీ సిగ్నల్ మీద ఉన్నంత సేపే. ఇంటి లోపలి గదిలోకో, ఊరి చివరకో వెళ్లినప్పుడు ఫోన్ చప్పుడు లేకుండా 4జీకి దిగుతుంది. అప్పటి నుంచి వాడినదంతా రోజువారీ కోటాలోంచే తగ్గుతుంది. క్లాస్ జరిగేటప్పుడు హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌ను కిటికీ దగ్గర పెట్టడం ఇందుకే ఉపయోగం.

ల్యాప్‌టాప్‌కు అది వైఫై

ఇక అసలు సమస్యకు వద్దాం. మనలో చాలామంది ఫోన్‌లో డేటా సేవర్ పెట్టుకున్నాం, యూట్యూబ్‌లోనూ మొబైల్ డేటాకు తక్కువ నాణ్యత ఎంచుకున్నాం. అయినా హాట్‌స్పాట్ పెట్టిన రోజు డేటా ఇట్టే అయిపోతుంది. కారణం ఏమిటంటే, ఆ జాగ్రత్తలన్నీ మొబైల్ నెట్‌వర్క్ మీద ఉన్నప్పుడే పని చేస్తాయి. హాట్‌స్పాట్‌కు కలిసిన ల్యాప్‌టాప్‌కు, టీవీకి కనిపించేది మాత్రం వైఫై. వైఫై అంటే డేటాకు కొదవ లేదన్న లెక్కతో అవి పనిచేస్తాయి. విండోస్ తన అప్‌డేట్లను దించుకుంటుంది. క్లౌడ్‌లో దాచే యాప్‌లు ఫొటోలను పైకి పంపుతాయి. మనం తెరిచింది క్లాస్ ఒక్కటే. నడిచేవి మాత్రం నాలుగైదు.

దీనికి విందు పెట్టే ముందు గిన్నె కొలత చెప్పినట్టు, ల్యాప్‌టాప్‌కు ఇది లెక్క ఉన్న డేటా అని ముందే చెప్పాలి. విండోస్‌లో "Settings" తెరిచి "Network & internet", ఆ తర్వాత "Wi-Fi" లోకి వెళ్లండి. మీ ఫోన్ హాట్‌స్పాట్ పేరు ఉన్న చోట "properties" తెరిస్తే "Metered connection" అని ఉంటుంది. దాన్ని "On" చేయండి. ఆ హాట్‌స్పాట్ మీద ఉన్నంత సేపు విండోస్ చాలావరకు అప్‌డేట్లను వాయిదా వేస్తుంది, వన్‌డ్రైవ్ సింక్ కూడా ఆగుతుంది. ఈ మార్పు ఆ ఒక్క హాట్‌స్పాట్‌కే వర్తిస్తుంది కాబట్టి, ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు వచ్చినప్పుడు మళ్లీ తీసేయాల్సిన పని లేదు. ఐప్యాడ్‌లో అయితే "Wi-Fi" లో ఆ నెట్‌వర్క్ పక్కన ఉన్న చిన్న "i" గుర్తు నొక్కి "Low Data Mode" ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ఆ నెట్‌వర్క్ వివరాల్లోకి వెళ్లి "Treat as metered" ఎంచుకోవాలి.

కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా సేవర్ ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ అసలు ఆన్ కాదు. ఫోన్ పాడైందని కంగారు పడకండి. డేటా సేవర్ తీసేస్తే సరిపోతుంది.

డేటా ఎవరు వాడారో తేలకపోతే రెండు చోట్ల చూసి పోల్చండి. ఫోన్ డేటా వినియోగం పేజీలో హాట్‌స్పాట్ ద్వారా పోయిన మొత్తం విడిగా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో "Network & internet" కింద "Data usage" లో ఏ యాప్ ఎంత వాడిందో ఉంటుంది. ఫోన్ 1,200 ఎంబీ అంటూ, ల్యాప్‌టాప్ మొత్తం కలిపి 400 అంటే, మిగతా 800 ఇంకో పరికరం తాగింది. చాలా ఇళ్లలో అది హాల్లోని టీవీయే. ఎప్పుడో ఒకసారి మ్యాచ్ కోసం హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటాం. అది గుర్తుపెట్టుకుని, హాట్‌స్పాట్ ఆన్ అయిన ప్రతిసారీ తానే వచ్చి కలుస్తుంది. పాస్‌వర్డ్ మార్చేయడమే దీనికి సులువైన మందు.

యూట్యూబ్ పాఠాలు, సినిమాలు

ఇక్కడ ఖర్చును నిర్ణయించేది నాణ్యత. యూట్యూబ్ సూచించే వేగాలను చూస్తే, 360p కి 0.7, 480p కి 1.1, 720p కి 2.5, 1080p కి 5 ఎంబీపీఎస్. మన 450 తో గుణిస్తే గంటకు వరుసగా సుమారు 315, 500, 1,125, 2,250 ఎంబీ. వీడియో ఆగకుండా ఆడటానికి ఈ వేగాల్లో కొంత వెసులుబాటు కలిపి ఉంటుంది కాబట్టి నిజంగా పోయేది ఇంతకంటే తగ్గొచ్చు. అయినా పోలిక స్పష్టమే. టీవీలో 1080p పెడితే 1.5 జీబీ ప్యాక్ నలభై నిమిషాల్లో ఖాళీ అయ్యే వేగం అది.

నాణ్యతను "Auto" లో వదిలేస్తే సిగ్నల్ బాగున్న కొద్దీ యాప్ పైమెట్టు ఎక్కుతుంది. పల్లెలో రెండు గీతల సిగ్నల్‌తో రోజంతా వచ్చిన ప్యాక్, టౌన్‌కు రాగానే సాయంత్రానికే అయిపోవడానికి కారణం ఇదే. చూసిన వీడియోలు అవే. యాప్ ఎక్కిన మెట్టు వేరు.

పాఠాల వీడియోలకు 360p సరిపోతుందని అందరికీ చెప్పేస్తుంటారు. మా అభిప్రాయం కొంచెం వేరు. చరిత్ర పాఠం, కథ, మాట్లాడుతూ చెప్పే వివరణ అయితే 360p బాగానే ఉంటుంది. బోర్డు మీద త్రికోణమితి లెక్క చేస్తుంటే ఆ నాణ్యతలో ఘాతాంకాలు మసకగా కనిపిస్తాయి. పిల్లలు కళ్లు చికిలించుకుని, వెనక్కి జరిపి రెండుసార్లు చూస్తారు. రెండుసార్లు చూస్తే డేటా కూడా మళ్లీ ఖర్చయ్యే అవకాశం ఉంది. అలాంటి వాటికి ఫోన్‌లో 480p, ల్యాప్‌టాప్‌లో 720p పెట్టనివ్వండి. పాటలు వినడానికి మాత్రం ఎవరూ తెర చూడరు కదా, 144p చాలు.

ఫోన్‌లో ఒకసారి మార్చి వదిలేయాలంటే యూట్యూబ్ "Settings" లో "Video quality preferences" తెరవండి. అక్కడ మొబైల్ నెట్‌వర్క్‌కు, వైఫైకి వేర్వేరు ఎంపికలు ఉంటాయి. ఫోన్‌లో మొబైల్ నెట్‌వర్క్ దగ్గర "Data saver" పెట్టండి. హాట్‌స్పాట్ మీద నడిచే ట్యాబ్‌లో అయితే వైఫై దగ్గరే "Data saver" పెట్టాలి. దానికి కనిపించేది వైఫై అని చూశాం కదా. ల్యాప్‌టాప్, టీవీలలో వీడియో మీద ఉన్న పళ్ల చక్రం గుర్తు నొక్కి "Quality" తగ్గించుకోవాలి. పాఠాలు ముందే తెలిస్తే ఇంట్లో వైఫై మీద ఉన్నప్పుడే "Download" నొక్కి ఉంచుకోవడం అన్నిటికన్నా మేలు. ప్రయాణంలో ఎన్నిసార్లు చూసినా ప్యాక్‌లోంచి ఆ వీడియోకు ఏమీ పోదు.

నెట్‌ఫ్లిక్స్ ఫోన్ యాప్‌లో మొబైల్ డేటా సెట్టింగ్ "Save Data" మీద ఉంచితే ఒక జీబీకి సుమారు ఆరు గంటలు వస్తుందని ఆ సంస్థ చెబుతుంది. ఇది కూడా ఫోన్‌కే. ల్యాప్‌టాప్, టీవీల కోసం మీ అకౌంట్‌లోని "Playback settings" కి వెళ్లి "Low" పెట్టాలి. అప్పుడు గంటకు 0.3 జీబీ దాకా, "Medium" అయితే 0.7 జీబీ దాకా పోతుంది.

క్లాస్ గ్రూపుల్లో వచ్చే వీడియోల కోసం వాట్సాప్‌లో "Storage and data" కింద "When using mobile data" తెరిచి, వీడియోల టిక్కు తీసేయండి. కావాల్సినవి మీరే నొక్కి తెరుచుకోవచ్చు.

మ్యాప్స్‌ను అనుమానించకండి

డేటా మిగలాలని కారులో మ్యాప్స్ ఆపేసే వాళ్లు ఉన్నారు. దాని వల్ల ఒరిగేది తక్కువ. మనం ఎక్కడున్నామో చెప్పేది జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతం. దానికి ప్యాక్‌తో సంబంధం లేదు. డేటా పోయేది రోడ్ల బొమ్మ దించుకోవడానికి, ట్రాఫిక్ సమాచారానికి మాత్రమే. దారి చూపిస్తూ మామూలు మ్యాప్ గంటకు కొన్ని ఎంబీలే తీసుకుంటుంది. కాస్త ఎక్కువగా గంటకు 10 ఎంబీ వేసుకున్నా, హైదరాబాద్ నుంచి విజయవాడకు ఐదు గంటల ప్రయాణానికి 50 ఎంబీ. పైన చూసిన 1080p లెక్కలో ఇది నిమిషంన్నర వీడియోకు కూడా రాదు. వెనక సీట్లో పిల్లలు అదే ఫోన్ హాట్‌స్పాట్ మీద కార్టూన్లు చూస్తుంటే, ఆపాల్సింది ముందు సీట్లోని మ్యాప్ కాదు.

ఒక్క మినహాయింపు శాటిలైట్ వ్యూ. అందులో వచ్చేవి నిజమైన ఫొటోలు కాబట్టి, కదిలే కొద్దీ కొత్త ఫొటోలు దించుకుంటూ డేటా గబగబా పోతుంది. పిల్లలు ఇల్లు చూద్దామని ఆ వ్యూ మార్చి అలాగే వదిలేస్తారు. లేయర్స్ గుర్తు నొక్కి "Default" కి మార్చండి. స్కూల్ బస్సు ఎక్కడుందో చూపే యాప్‌లు కూడా ఇదే కోవలోవి. బస్సు నుంచి వచ్చేది అక్షాంశ రేఖాంశాల అంకెలే. ఉదయం పది నిమిషాలు తెరిచి ఉంచితే మీ ప్యాక్‌కు వచ్చే నష్టం దాదాపు లేనట్టే.

ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవడం మంచిదే, అయితే దాని అసలు ఉపయోగం సిగ్నల్ లేని చోట. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేటప్పుడు నల్లమల అడవిలో ఫోన్ సిగ్నల్ పోతూ ఉంటుంది. బయలుదేరే ముందు రాత్రి ఇంట్లో వైఫై మీద గూగుల్ మ్యాప్స్ తెరిచి, మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి "Offline maps" లోకి వెళ్లండి. "Select your own map" నొక్కితే ఒక చట్రం వస్తుంది. బయలుదేరే చోటు, చేరే చోటు, మధ్య దారి అంతా ఆ చట్రంలో పట్టేలా సరిచేసి "Download" నొక్కండి. సిగ్నల్ లేకపోయినా కారు దారి చూపిస్తుంది. ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో మాత్రం చెప్పదు, నడిచే దారులు కూడా చూపదు. కాబట్టి ఘాట్ రోడ్డు దాటి సిగ్నల్ రాగానే ఫోన్‌లో డేటా ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ దగ్గరి ట్రాఫిక్ తెలియాలంటే అది కావాలి.